ఆ చుక్క ఎక్కడిది?

వేడినీళ్లు పోసిన గాజు సీసా మీద ఐసు పెట్టిన స్టీలు గిన్నె. కాసేపటికి గిన్నె అడుగున నీటిబొట్లు వేలాడతాయి. జలచక్రం పాఠంలో అందరూ చేసి చూపించే ప్రయోగమే ఇది. ఆ బొట్టును చూపించి "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని మూడో తరగతి పిల్లల్ని అడగండి. "ఐసు కరిగి కారింది టీచర్!" అనే పిల్లలు చాలామందే ఉంటారు.

ఆ జవాబును తప్పని కొట్టిపారేస్తే పిల్లలు నోరు మూసుకుంటారు, నమ్మకం మాత్రం మారదు. నీళ్లలో నీలం సిరా కలిపి చూపించినా లాభం లేదు. బొట్లు తెల్లగా కనబడతాయి, ఐసూ తెల్లగానే ఉంది కాబట్టి "చూశారా, ఐసు నీళ్లే" అంటారు. వాళ్ల వాదనలో తప్పేమీ లేదు. మనం పెట్టిన ప్రయోగమే చాలలేదు.

అందుకే రెండింటికీ రంగు వేయాలి. ముందురోజు రాత్రి బీట్‌రూట్ రసం కలిపిన నీళ్లను ఐసు ట్రేలో గడ్డకట్టించండి. వెడల్పు మూతి ఉన్న పచ్చడి సీసా ఒకటి, దాని మూతిలో కాస్త దిగి ఆనుకునే చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసుకోండి. గిన్నెకు బదులు పళ్లెం పెడితే కరిగిన ఎర్రనీళ్లు అంచు దాటి కారి ప్రయోగం పాడవుతుంది. సీసా పగలకుండా ముందు గోరువెచ్చటి నీళ్లతో తొలిచి, ఆ తర్వాత టీ అంత వేడి నీళ్లు రెండు అంగుళాల ఎత్తున పోసి, నాలుగు చుక్కల నీలం సిరా కలపండి. వేడినీళ్లు పెద్దవాళ్లే పోయాలి. గిన్నె పెట్టి అందులో అయిదారు ఎర్ర ఐసు ముక్కలు వేయండి.

ఇక్కడే ఆగి, బొట్లు ఏ రంగులో వస్తాయో పిల్లల్ని ముందే పలకల మీద రాయమనండి. ఎరుపు, నీలం, కొందరు రెండూ కలిసిన ఊదా అని రాస్తారు.

అయిదు నిమిషాలయ్యాక గిన్నెను ఒరగకుండా నిటారుగా పైకెత్తి, దాని అడుగున తెల్లకాగితం అద్దండి. కాగితం తడుస్తుంది. ఎరుపు అంటదు, నీలమూ అంటదు. ఐసు నుంచి కారి ఉంటే ఎర్రగా ఉండాలి, కింది నీళ్లు చిమ్మి ఉంటే నీలంగా ఉండాలి. మరి రంగు లేకుండా పైకి వచ్చిందెలా? నీరు కంటికి కనబడని ఆవిరై, రంగును కిందే వదిలి పైకి పోయింది. చల్లటి స్టీలు తగలగానే మళ్లీ నీరైంది. ఈ మాట పిల్లల నోటి నుంచే వచ్చేదాకా ఓపిక పట్టండి. బాష్పీభవనం, సాంద్రీకరణం అనే పేర్లు ఆ తర్వాత చెబితే నిలుస్తాయి.

ఇక బొమ్మ. బోర్డు మీద ఎడమవైపు సీసా, కుడివైపు సముద్రం, కొండ, మేఘం, నది గీయండి. వేడినీళ్లకు జోడు సముద్రం. చల్లటి గిన్నెకు జోడు పైనున్న చల్లగాలి. గిన్నెకు పట్టిన బొట్లకు జోడు మేఘం. పిల్లల బొమ్మల్లో తరచూ కనబడే పొరపాటు, మేఘం మీదే "సాంద్రీకరణం" అని రాయడం. మేఘం ఒక వస్తువు, సాంద్రీకరణం జరిగే పని. అందుకని ఒక నియమం పెట్టండి: వస్తువుల పేర్లు గళ్లలో, పనుల పేర్లు బాణాల మీద. సముద్రం నుంచి పైకి పోయే బాణం మీద బాష్పీభవనం, ఆవిరి నుంచి మేఘానికి పోయే బాణం మీద సాంద్రీకరణం, మేఘం నుంచి కిందికి దిగే బాణం మీద వాన. కొండ నుంచి నదిగా సముద్రానికి చేరే బాణంతో చక్రం మూసుకుంటుంది. వాననీటిలో కొంత నేలలోకి ఇంకుతుంది. సీసాలో నేల లేదు కాబట్టి ఆ బాణం బొమ్మలో తప్పకుండా గీయించాలి.

సీసా వల్ల రెండు అపోహలు పుట్టే ప్రమాదముంది. ఒకటి, నీళ్లు కాగితేనే ఆవిరవుతాయనుకోవడం. తడిగుడ్డతో పలక తుడిచి పక్కన పెట్టండి, పొయ్యి లేకుండానే ఆరిపోతుంది. రెండోది, ఆకాశంలోనూ మూతలాంటిది ఏదో ఉందనుకోవడం. విశాఖపట్నం కంటే అరకు ఎందుకు చల్లగా ఉంటుందో అడగండి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, ఐసు గిన్నె చేసే పని అక్కడ ఆ చల్లదనమే చేస్తుంది.

పాఠం అయ్యాక సీసాను పారబోయకండి, నీళ్లు పూర్తిగా ఆరేదాకా కిటికీలో ఉంచండి. చివరికి అడుగున నీలం మరక ఒక్కటే మిగులుతుంది. సిరా సీసాలో మిగిలినట్టే ఉప్పు సముద్రంలో మిగిలిపోతుంది. ఉప్పునీటి నుంచి లేచిన మేఘం మంచినీళ్లు కురిపించేది అందుకే.