రేపటి వ్యాపారం మీద ఈ త్రైమాసికం కత్తెర

1999 సెప్టెంబరులో ఐబీఎం అధిపతి లూ గెర్స్‌నర్ ఒక నెలవారీ నివేదిక చదువుతూ ఒకచోట ఆగిపోయారు. ఈ త్రైమాసికం లక్ష్యాల ఒత్తిడి వల్ల కొత్త ప్రాజెక్టుకు డబ్బు ఆపేశామని ఒక విభాగం అందులో రాసింది. ఇలా ఎందుకు జరుగుతోందో తేల్చమని ఆయన బ్రూస్ హారెల్డ్‌కు అప్పగించారు. తవ్విచూస్తే పాత కథలు చాలా బయటపడ్డాయి. రూటర్ల వంటి వాటిమీద ఐబీఎం ముందే పనిచేసినా ఆ మార్కెట్ సిస్కో చేతికి పోయింది.

అదే ఏడాది మెకిన్సే సలహాదారుల పుస్తకం ఒకటి వ్యాపారాలను మూడు అంచెలుగా చూడమంది. మొదటిది ఇవాళ లాభం తెచ్చేది. రెండోది కొనేవాళ్లు దొరికి, పెరుగుతూ, ఇంకా పెట్టుబడి అడిగేది. మూడోది నిలుస్తుందో లేదో తెలియని ఆలోచన. మూడింటికీ ఒకేసారి డబ్బు అందాలి. ఎంతెంత అంటే చాలామంది 70-20-10 అంటారు. నిజానికి రంగాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. రోజువారీ సరుకులమ్మే కంపెనీకి మూడో అంచెలో రెండు శాతం చాలు, టెక్నాలజీ కంపెనీకి పదిహేను కావాలి.

నా దృష్టిలో శాతాల కంటే కొలతలు ముఖ్యం. మొదటి అంచెను లాభంతో కొలవచ్చు. అదే కొలతతో మూడో అంచెను చూస్తే అది ప్రతిసారీ నష్టంగానే కనిపిస్తుంది, కోత దానిమీదే పడుతుంది. అందుకే ఐబీఎం 2000లో కొత్త వ్యాపారాల కోసం విడిగా ఒక ఏర్పాటు చేసింది. వాటి డబ్బును విభాగాధిపతులు మధ్యలో లాక్కోకుండా కాపాడింది. హారెల్డ్ ప్రతినెలా కూర్చుని సమీక్షించేవారు. అప్పుడు అడిగేది లాభం గురించి కాదు: కొనేవాళ్లకు ఇది నిజంగా అవసరమేనా, అనుకున్న మెట్టు దాటామా అని.

పెద్దవాళ్లనే పంపడం ఇంకో తెగువ. సుమారు 400 కోట్ల డాలర్ల యునిక్స్ వ్యాపారం నడుపుతున్న రాడ్ ఆడ్కిన్స్‌ను అమ్మకాలే లేని కొత్త విభాగానికి మార్చారు. తన ఉద్యోగం పోయినట్టేనని ఆయన అనుకున్నారట. మొదలుపెట్టిన 25 వ్యాపారాల్లో మూడు మూతపడ్డాయి. మిగిలినవి 2005 నాటికి 1,500 కోట్ల డాలర్లకు పైగా రాబడి తెచ్చాయి.

ఈ పద్ధతికి బలహీనత మధ్య అంచెలో ఉంది. అక్కడి వ్యాపారానికి ఖర్చు ఎక్కువ, ఏటా అమ్మకాల లెక్కల్లో కనిపించేది తక్కువ. పాత సరుకు అమ్మడం తేలిక కాబట్టి సేల్స్ సిబ్బంది దాన్ని పక్కన పెడతారు. పైగా మూడో అంచె అంటే ఎన్నో ఏళ్ల తర్వాతి మాట అన్న అంచనా ఇవాళ నిలవదు. చేతిలో ఉన్న సాంకేతికతతోనే కొత్త కంపెనీ ఒకటి ఏడాదిలో మార్కెట్‌ను తిప్పేయగలదు.

ఒక కంపెనీ దీన్ని నిజంగా పాటిస్తోందో లేదో తెలియాలంటే దాని ప్రణాళిక పత్రం కాక, అమ్మకాలు తగ్గిన త్రైమాసికంలో ఏ ప్రాజెక్టు బడ్జెట్ కోశారో, ఎవరిని ఎక్కడికి మార్చారో చూడాలి.