అతిథి పరిచయం తడబడేది ఎక్కడ?

పాఠశాల వార్షికోత్సవంలో ముఖ్య అతిథిని పరిచయం చేయడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లోనే ‘మరి’, ‘అంటే’, ‘అన్నమాట’ పదేపదే దొర్లుతుంటాయి. కాగితం చూసి మనసులో చదువుకుంటే ఇవి కనిపించవు. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే బయటపడతాయి.

ముందుగా నిలబడి, సభలో మాట్లాడినట్టే మాట్లాడండి. తప్పు దొర్లినా ఆపొద్దు. వింటున్నప్పుడు ఆ గొంతు మనది కాదనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. రికార్డులో గాలి ద్వారా వచ్చిందే వినిపిస్తుంది. కాబట్టి గొంతు సంగతి వదిలేసి, కాగితం ముందు పెట్టుకుని వినండి. ఊతపదం వచ్చినచోట సున్నా చుట్టండి. ఊపిరి తెగినచోట గీత పెట్టండి.

ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: “వరంగల్ జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టి, ఊళ్లోని ప్రభుత్వ పాఠశాలలో చదివి, కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ముప్పై ఏళ్లు అధ్యాపకులుగా సేవలందించి, ఇటీవలే పదవీ విరమణ చేశారు.” చదవడానికి బాగానే ఉంది. పలికితే మాత్రం “పుట్టి, ఆ... చదివి, మరి... చేసి” అని వస్తుంది. వాక్యాన్ని ముగించే క్రియ ఎక్కడో చివర ఉంది. అక్కడికి చేరేదాకా ఊపిరి చాలదు, తర్వాతి ముక్క వెంటనే నోటికి అందదు. ఆ సందులో ఊతపదం దూరుతుంది. అందుకే దిద్దాల్సింది వాక్యాన్ని: “వీరిది వరంగల్ జిల్లా రైతు కుటుంబం. చదివింది ఊళ్లోని సర్కారు బడిలో. కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశారు. ఆ పాఠాలే ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పారు.” ఇప్పుడు ఒక్కో వాక్యం ఒక్కో ఊపిరిలో ముగుస్తుంది.

ఇక వేగం. ప్రతి 30 సెకన్లకు మాట ఎక్కడిదాకా వచ్చిందో కాగితం మీద గుర్తు పెట్టి, ఒక్కో ముక్కలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. నిమిషానికి ఇన్ని మాటలుండాలని ఇంగ్లిషు పుస్తకాలు చెప్పే లెక్క తెలుగుకు సరిపడదు. విభక్తులు కలిసి మన మాటలు పొడుగవుతాయి. మీ ముక్కలనే ఒకదానితో ఒకటి పోల్చుకోండి. ఒకదానిలో 40 మాటలు, ఇంకోదానిలో 58 ఉంటే రెండోచోట పరుగెత్తారన్నమాటే. ఈ పరుగు ఎక్కువగా డిగ్రీలు, అవార్డుల జాబితా దగ్గర కనిపిస్తుంది. నెమ్మదిగా చదవాలని అనుకున్నా వేదిక ఎక్కాక గుర్తుండదు. ఏడు అవార్డులుంటే ఆ సభకు సంబంధించిన రెండే ఉంచండి. అతిథి పేరును విడి వాక్యంగా రాసి, దానికి ముందు ఒక ఖాళీ వరుస వదలండి. కన్ను అక్కడ ఆగితే నోరూ ఆగుతుంది.

దిద్దిన పాఠాన్ని మళ్లీ రికార్డు చేసి వినండి. మరీ ఎక్కువసార్లు చేస్తే అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. చివరిసారి పాఠం పక్కన పెట్టి, ఒక్కో వాక్యం మొదటి మాట మాత్రమే రాసుకున్న చీటీతో మాట్లాడండి. అప్పటికీ ఒకేచోట ‘మరి’ వస్తుంటే ఆ వాక్యాన్ని ఇంకోసారి విరవాలి. ముందు చెప్పినదాన్ని నిజంగా వివరించే ‘అంటే’ను మాత్రం తీసేయకండి, వినేవాళ్లకు అది దారి చూపిస్తుంది.