ముగ్గురి ఫ్లాట్‌లో ఒక్క ఏసీ: బిల్లు పంచుకునే లెక్క

ఫ్లాట్‌లో కలిసి ఉండేవాళ్లు నెల ఖర్చులు పంచుకుందామని వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్‌లో, ఎవరి వాటా ఎంతో చెప్పడంతో పాటు ఆ అంకె ఎలా వచ్చిందో కూడా ఉండాలి. ఇంటర్నెట్‌కు పెద్ద లెక్కేమీ అక్కర్లేదు. ఎవరు ఊరెళ్లినా ప్లాన్ ధర తగ్గదు కాబట్టి తలా ఒక వాటా. చిక్కంతా కరెంటు దగ్గరే, అదీ ఒక్క గదిలోనే ఏసీ ఉన్నప్పుడు.

హైదరాబాద్‌లో ముగ్గురుండే ఒక ఫ్లాట్‌ను ఊహించుకుందాం. జనవరిలో 160 యూనిట్లు కాలితే, ఏసీ వేసిన మే నెలలో 340 కాలాయి. తెలంగాణలో 2022లో ఖరారైన రేట్ల ప్రకారం వాడకం వంద దాటి 200 యూనిట్లలోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. రెండొందలు దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, ఆపై వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి పక్కన పెడితే 340 యూనిట్లకు 2,150 రూపాయలు.

దీన్ని యూనిట్ల నిష్పత్తిలో పంచితే న్యాయంగానే కనిపిస్తుంది గానీ, ఏసీ వల్ల పెరిగిన శ్లాబు భారం మిగతా ఇద్దరి ఫ్యాన్ల మీద కూడా పడుతుంది. అందుకే ఏసీ లేకపోతే ఎంత వచ్చేదో ముందు తేల్చుకోవాలి. వేసవిలో ఫ్యాన్లు, ఫ్రిజ్ ఎక్కువ లాగుతాయి కనుక జనవరి లెక్కకు ఓ 40 యూనిట్లు కలిపి 200 అనుకుంటే, దాని ఖరీదు 820. అది ముగ్గురిదీ, తలా 273. మిగిలిన 1,330 ఏసీ గదిది. ఆ 40 అంచనా మాత్రమే, గొడవొస్తే ఇక్కడే వస్తుంది. ఏసీ లైనుకు సబ్ మీటరు పెట్టించుకుంటే ఆ పేచీ ఉండదు.

సరుకులకు ఇంట్లో తిన్న రోజులే కొలత. నెలకు 6,000 అయి, ఇద్దరు 30 రోజులు, ఒకరు 20 రోజులు తింటే మొత్తం 80 రోజులు, రోజుకు 75. వాటాలు 2,250, 2,250, 1,500. చికెన్ అందరూ తినకపోతే ఆ బిల్లు విడిగా రాసుకోవాలి.

మెసేజ్ ఇలా ఉండొచ్చు: "బ్రో, మే కరెంటు 2,150, బిల్లు ఫొటో పైన పెట్టాను. ఏసీ లేకపోతే 820 వచ్చేదని లెక్కేశా, అది తలా 273. మిగతా 1,330 ఏసీ గది. నెట్ తలా ఒక వాటా, సరుకులు తిన్న రోజుల్ని బట్టి. ఆ 40 యూనిట్లు ఎక్కువో తక్కువో అనిపిస్తే ఆదివారంలోపు చెప్పండి, మారుద్దాం."

ఇదే మాట ఏసీ వేయకముందు, మార్చిలోనే పెడితే ఒప్పందంలా ఉంటుంది. బిల్లు చేతికొచ్చాక పెడితే ఏసీ గదివాళ్లకు అది నిందలా తగులుతుంది.