వీధి విధిగా మారే ఫొటో

పరీక్షల ముందు క్లాసు గ్రూపులోకి నోట్స్ ఫొటోలు వచ్చిపడుతుంటాయి. చాలావాటిలో కింది వరుసలు హాయిగా చదవొచ్చు. పైకి వెళ్లేకొద్దీ అక్షరాలు చీమల బారులా సన్నబడిపోతాయి. రాసినవాళ్ల దస్తూరీని తిట్టుకుంటాం కానీ, తప్పు ఫొటో తీసిన కోణానిది.

కుర్చీలో కూర్చుని ఫోను వంచి తీస్తే పేజీ పైఅంచు కెమెరాకు దూరమవుతుంది. దూరమైనది చిన్నదిగా పడుతుంది, ఒక్కోసారి ఫోకస్ కూడా తప్పుతుంది. ఎ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. దాన్ని నిటారుగా, ఫ్రేమంతా నిండేలా తీశామనుకుందాం. పంపేటప్పుడు యాప్ ఆ ఫొటోను పొడవున 1600 పిక్సెళ్లకు కుదించినా మిల్లీమీటరుకు ఐదు పైనే మిగులుతాయి. గుడిదీర్ఘం చివరి మెలిక మిల్లీమీటరే ఉన్నా కనబడుతుంది. అదే ఏటవాలుగా తీసి, సగం ఫ్రేములో బల్ల కూడా పడితే పైవరుసలకు రెండు పిక్సెళ్లు దక్కడం కూడా కష్టమే. అప్పుడు ‘వీధి’ ‘విధి’ అవుతుంది. లెక్కల నోట్సులో 10 నెత్తిన ఉన్నది మూడో ఎనిమిదో తేలదు.

స్కానర్ యాప్ వంకర సరిచేస్తుంది కదా అంటారు. నాలుగు మూలలూ పట్టుకుని, నలుచదరం కాని పేజీని సాగదీసి నలుచదరం చేస్తుంది, నిజమే. కానీ రెండు పిక్సెళ్లను ఐదుకు సాగదీస్తే మసకే పెద్దదవుతుంది, పోయిన మెలిక తిరిగి రాదు.

అసలు ఫోను ఎందుకు వంచుతాం? చాలాసార్లు నీడ తప్పించడానికే. తలమీద ట్యూబులైటు ఉన్నప్పుడు పైనుంచి తీస్తే మన నీడ సరిగ్గా పేజీ మీదే పడుతుంది. కాబట్టి మార్చాల్సింది వెలుతురు దిక్కు. పగలైతే కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్కనుంచి వచ్చేలా పుస్తకం పెట్టి, లేచి నిలబడి తీయండి. ఫ్లాష్ వద్దు, నిగనిగలాడే కాగితం మీద తెల్లటి మచ్చ పడుతుంది. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేసి, పేజీ అంచులు ఆ గీతలకు సమాంతరంగా వచ్చేదాకా ఫోను సర్దండి. లావు నోటుబుక్కు నడిమి మడత దగ్గర పేజీ వంగుతుంది, అక్కడి అక్షరాలూ నలుగుతాయి. రెండు పేజీలూ ఒకే ఫొటోలో ఇరికించకుండా, విడివిడిగా, అదిమిపట్టి తీయడం మేలు.

స్కానర్ వాడితే కాగితం కింద ముదురు రంగు ఉండాలి. తెల్ల దుప్పటి మీద పెడితే మూలలు దానికి దొరకవు. పెన్సిలు రాతకు నలుపు-తెలుపు ఫిల్టరు పెట్టకండి, సన్నగీతలు ఎగిరిపోతాయి.

పంపేముందు పైవరుస చివరి మాటను పెద్దది చేసి చూడండి. పేజీలో ముందుగా చెడేవి ఆ మూలలే. అక్కడ వత్తులు తెలిస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా జతచేయండి, కుదింపు లేకుండా వెళ్తుంది.