తాతయ్య చెంప మీద సాయంత్రపు ఎండ

పెళ్లి ఫోటోలో లేని తాతయ్యను వేరే ఫోటోలోంచి కత్తిరించి అందరి పక్కన నిలబెట్టమని అడుగుతుంటారు. అంచులు ఎంత శుభ్రంగా కత్తిరించినా ఆయన అతికించినట్టే కనిపిస్తారు. ఆయన మీద ట్యూబ్‌లైటు ఆకుపచ్చ జీర, మిగతావాళ్ల మీద సాయంత్రపు ఎండ.

నేను వెంటనే రంగు జోలికి పోను. ముందు ఫోటో మొత్తాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తాను. ఆయన కోటు మడతల్లోని నలుపు, పక్కవాళ్ల జుట్టులోని నలుపు ఒకే లోతులో లేకపోతే కర్వ్స్‌తో సరిచేస్తాను. చర్మం సంగతి ఆ తర్వాతే. పోలికకు ఆయన కొడుకు ముఖం తీసుకుంటాను. ఇద్దరి ఛాయా ఒకటే కానక్కర్లేదు, మీద పడ్డ వెలుగు మాత్రం ఒకటిగా కనిపించాలి. ఆకుపచ్చ కాస్త తగ్గించి, ఎండ తగిలే చెంపలో నీలం కూడా తగ్గిస్తే వెచ్చదనం వస్తుంది. నీడవైపు నీలాన్ని ముట్టుకోను. అక్కడా తగ్గిస్తే ముఖం కామెర్లు వచ్చినట్టు తేలిపోతుంది.

సైజు సరిచేయడం పూర్తయ్యాక, చివరగా గ్రెయిన్. 200 శాతానికి పెంచి చూస్తే పెళ్లి ఫోటోలో సన్నటి ఇసుక చల్లినట్టుంటుంది, తాతయ్య చెంప మాత్రం మైనంలా నున్నగా ఉంటుంది. ఫోటోషాప్‌లో Add Noise తెరిచి, Gaussian, Monochromatic ఎంచుకుని, 1 శాతం నుంచి కొద్దికొద్దిగా పెంచుతాను.

అయితే వెలుగు ఆయనకు ఎడమ నుంచీ, మిగతావాళ్లకు కుడి నుంచీ పడుతుంటే ఇవేవీ పనికిరావు. అప్పుడు ఇంకో ఫోటో వెతికిపెట్టమనే చెబుతాను.