చైనీస్‌లో ‘బా’ ఎక్కడ, ‘బేయ్’ ఎక్కడ?

ఇంట్లో పూలకూజా పగిలింది. పగలగొట్టింది నేనే. ఈ సంగతిని చైనీస్‌లో మూడు రకాలుగా చెప్పవచ్చు. మొదటిది ‘వో దాస్వేయ్ ల హ్వాపింగ్’. వో అంటే నేను, దాస్వేయ్ అంటే పగలగొట్టడం, హ్వాపింగ్ అంటే పూలకూజా. ‘ల’ పని అయిపోయిందని చెప్పే ముక్క. ఇంగ్లిష్‌లో లాగే ఇక్కడ కర్త, క్రియ, కర్మ వరసగా వచ్చాయి.

రెండో పద్ధతి ‘వో బా హ్వాపింగ్ దాస్వేయ్ ల’. ‘బా’ కూజాను తీసుకొచ్చి క్రియకు ముందు నిలబెట్టింది. మూడోది ‘హ్వాపింగ్ బేయ్ వో దాస్వేయ్ ల’. ఇందులో కూజా వాక్యం మొదటికి వచ్చింది, పగలగొట్టిన నేను ‘బేయ్’ వెనక్కి వెళ్లాను. జరిగింది ఒకటే అయినా, ఏ వాక్యం వాడాలో తేల్చేది వినేవాడి మనసులో ఉన్న ప్రశ్న.

‘ఆ కూజాను ఏం చేశావు?’ అని అడిగితే ‘బా’ వాక్యం సరైన జవాబు. ఏ కూజా గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ‘ఒక కూజా కొన్నాను’ అనడానికి ‘బా’ అక్కర్లేదు, మామూలు వరసే చాలు. ఇంకో షరతు కూడా ఉంది. ‘బా’ వాక్యంలో క్రియ ఒంటరిగా నిలబడదు, ఆ వస్తువు చివరికి ఏమైందో చెప్పాలి. దాస్వేయ్‌లో ‘దా’ అంటే కొట్టడం, ‘స్వేయ్’ అంటే ముక్కలవడం. ‘వో బా హ్వాపింగ్ దా’ అని ఆపేస్తే చైనీయుడు మిగతా మాట కోసం ఎదురుచూస్తాడు. ప్రేమించడం, తెలిసి ఉండడం, కలిగి ఉండడం లాంటి క్రియలు వస్తువులో ఏ మార్పూ తేవు కాబట్టి వాటికి ‘బా’ పొసగదు. ‘పగలగొట్టలేదు’ అనాలంటే ‘లేదు’ అనే అర్థమిచ్చే ‘మేయ్’ను క్రియ దగ్గర కాకుండా ‘బా’కు ముందే పెట్టాలి: ‘వో మేయ్ బా హ్వాపింగ్ దాస్వేయ్’.

‘పుస్తకం బల్ల మీద పెట్టు’ లాంటి వాక్యాల్లో ‘బా’ దాదాపు తప్పనిసరి: ‘బా షూ ఫాంగ్ జాయ్ జ్వోజ షాంగ్’. ‘పెట్టు’ అనే ఫాంగ్ తర్వాతి చోటును ‘బల్ల మీద’ ఆక్రమించింది, అందుకే పుస్తకం ముందుకు జరగాల్సి వచ్చింది. ఒకదాన్ని ఇంకొకటిగా మార్చడం, అనువదించడం కూడా ఇలాగే చెబుతారు. ఇంగ్లిష్ వాక్యంలో ఈ సూచన ఏదీ కనిపించదు కనుక ఇంగ్లిష్ వాళ్లు ‘బా’ను మరిచిపోతుంటారు. తెలుగువాళ్లకు ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. మన భాషలో కర్మ ఎప్పుడూ క్రియకు ముందే ఉంటుంది కాబట్టి ప్రతిచోటా ‘బా’ వేయాలనిపిస్తుంది. ‘నేను టీ తాగుతాను’ అనేది ‘వో హ చా’ మాత్రమే.

ఇక ‘బేయ్’. మాటల్లో ఇది ఎక్కువగా చెడు జరిగినప్పుడు వస్తుంది. ‘వో ద షౌజీ బేయ్ తౌ ల’ అంటే నా ఫోన్ ఎవరో కొట్టేశారు. దొంగ ఎవరో తెలియకపోయినా వాక్యం నిలబడుతుంది. సంభాషణలో ‘బేయ్’ బదులు ‘రాంగ్’ కూడా వాడతారు, కానీ అప్పుడు పని చేసిందెవరో చెప్పి తీరాలి.

ఇంగ్లిష్ పాసివ్ కనిపించిన చోటల్లా ‘బేయ్’ పెడితే వాక్యం కృతకమవుతుంది. ‘ది లెటర్ హాజ్ బీన్ రిటెన్’కు ‘శిన్ శ్యే హావ్ ల’ చాలు. ఉత్తరం తనను తాను రాసుకోదు కనుక ప్రత్యేకంగా పాసివ్ గుర్తు అవసరం లేదు. ‘దిస్ స్టోరీ వాజ్ రిటెన్ బై లూ షున్’ సంగతి వేరు. కథ ఉందని తెలుసు, తెలియాల్సింది రాసిందెవరన్నదే. అందుకు చైనీస్‌లో ‘షి... ద’ అనే మరో నిర్మాణం ఉంది: ‘షి లూ షున్ శ్యే ద’. ‘ఈ కథ లూ షున్ రాసింది’ అని మనం అనే తీరు దీనికి చాలా దగ్గర.

అయితే 20వ శతాబ్దంలో ఐరోపా భాషల నుంచి వచ్చిన అనువాదాల ప్రభావంతో రాతలో ‘బేయ్’ పరిధి పెరిగింది. ఫలానా వ్యక్తి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడని పత్రికలు ‘బేయ్’తోనే రాస్తాయి, అందులో చెడేమీ ధ్వనించదు.

పాత చురుకు మాత్రం పోలేదు. 2009లో చైనాలో ‘బేయ్ జియుయే’ అనే మాట బాగా వినిపించింది. జియుయే అంటే ఉద్యోగంలో చేరడం, అది ఎవరికి వారు చేసే పని. వ్యాకరణం ప్రకారం దాని ముందు ‘బేయ్’ రాకూడదు. ఉద్యోగం దొరకని పట్టభద్రులను కాలేజీలు కాగితాల మీద ఉద్యోగులుగా చూపించడంతో, ‘మమ్మల్ని ఉద్యోగులను చేసేశారు’ అని వెక్కిరించడానికి ఆ మాట పుట్టింది. ఆ ఏడాది చైనా అక్షరంగా ‘బేయ్’నే ఎంపిక చేశారు. మామూలు పాసివ్ గుర్తే అయితే అందులో ఇంత వెటకారం పలికేది కాదు.