ఇరవై నిమిషాలు అడగండి

2015లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల హ్యారీ స్టెబింగ్స్ 'ది ట్వంటీ మినిట్ వీసీ' అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే పెద్దలతో ముఖాముఖి అది. 2020లో అతను తన సొంత పెట్టుబడి నిధినే నెలకొల్పాడు.

కిటుకు ఆ పేరులోనే ఉంది. "మీ సలహా కావాలి, ఒకసారి కలవొచ్చాండీ?" అని రాస్తే ఎంతసేపో, ఎందుకో తెలియక పెద్దవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఇరవై నిమిషాలంటే హద్దు తెలుస్తుంది. పైగా వాళ్ల మాట నలుగురికీ చేరుతుంది.

ఉదాహరణకు మీరు వంతెనలు కట్టే ఇంజినీరైతే, ఉత్తరంలో ఆయన కట్టిన ఒక వంతెన పేరు, దాని గురించి ఒకే ఒక ప్రశ్న, రెండు తేదీలు రాయండి. పునాది తవ్వాక డిజైన్ ఎందుకు మార్చారని అడగండి. "మీ ప్రయాణం చెప్పండి" అంటే మాత్రం ఆయన ఏ సభలోనో చెప్పిన మాటలే మళ్లీ వస్తాయి. ఆయన ఆగి, గుర్తుచేసుకుని మాట్లాడుతున్నారంటే ప్రశ్న సరైనదే.

ముగించేముందు "తర్వాత ఎవరిని కలవమంటారు?" అని అడగండి. ఎపిసోడ్ వచ్చిన రోజే ఆయనకు పంపండి. ఉద్యోగం సంగతి మాత్రం ఆ గదిలో ఎత్తకండి.